కొండ జారేది పైన పడ్డ వానకి కాదు, లోపల నిలిచిన నీటికి

పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి. ఊళ్లో ఫోన్ లేనివాళ్లకి మీరే చదివి చెప్పండి.

2024 సెప్టెంబరు వానలకి గూడెం కొత్తవీధి మండలంలో కొండ జారి ఇళ్ల మీద పడింది. ఇప్పుడు వాన పట్టిందంటే చాలు, హాస్టల్లో ఉన్న మాకు నిద్ర పట్టదు. ఇంటికి ఫోన్ చేస్తే సిగ్నల్ ఉండదు. మన ఫోన్లకి మాత్రం జిల్లా మొత్తానికీ ఒకటే మెసేజ్ వస్తుంది: భారీ వర్షాలు, అప్రమత్తంగా ఉండండి. ఆ మెసేజ్ ఒక్కటే చాలదని మేం అంటున్నాం. కొండ కింద ఉన్న ప్రతి ఊళ్లో వాన కొలిచే డబ్బా ఒకటి ఉండాలి, కొండని చూసే మనుషులు ఇద్దరు ఉండాలి. ఎందుకో చెప్తాం.

చిన్నప్పుడు గెడ్డ ఒడ్డున ఇసుకతో పిచ్చుక గూళ్లు కట్టాం కదా. పొడి ఇసుకతో గూడు నిలబడదు. కొంచెం తడి ఉంటే నిలబడుతుంది. అదే గూటి మీద చెంబుడు నీళ్లు పోస్తే కూలిపోతుంది. కొండ మీద మట్టిది కూడా అదే కథ. రేణువుకీ రేణువుకీ మధ్య సందులు ఉంటాయి. కొంచెం తడి ఉన్నప్పుడు ఆ తడే రేణువుల్ని దగ్గరికి లాగి పట్టుకుంటుంది. సందులు పూర్తిగా నిండిపోతే నీరు రేణువుల్ని విడదీసి నెట్టడం మొదలుపెడుతుంది. దీన్నే రంధ్ర పీడనం అంటారు. పుస్తకాల్లో పోర్ ప్రెషర్ అని ఉంటుంది.

చాలామంది "నీళ్ల బరువుకి కొండ జారింది" అంటారు. లెక్క వేసి చూడండి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, రెండు మీటర్ల లోతు ఉన్న మట్టి పూర్తిగా తడిస్తే సుమారు 3.8 టన్నులు తూగుతుంది. దాని కింద గట్టి రాయి ఉంది. ఇంకిన నీరు రాయి దాటి పోలేక అక్కడే ఆగి, పైపైకి పెరుగుతుంది. మట్టి పైదాకా నిండితే ఆ నీరు 2 టన్నుల బరువుని పైకి మోస్తుంది. అంటే రాయిని అదిమిపెట్టి పట్టు ఇచ్చే బరువు 1.8 టన్నులే మిగిలింది. కానీ వాలు కిందకి లాగేది మొత్తం 3.8 టన్నుల్నీ. వాలుని బట్టి అంకెలు మారతాయి గానీ సగానికి పైగా పట్టు పోవడం మారదు. ఇంటి కోసమో రోడ్డు కోసమో కొండ పాదం తవ్వేసి ఉంటే ఆపే ఆనుడు కూడా లేదు.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, ఈ రోజు ఎంత వాన పడిందనేది ఒక్కటే చూస్తే సరిపోదు, ముందు నాలుగైదు రోజుల్లో ఎంత ఇంకిందో చూడాలి. రెండు, వాన ఆగగానే ప్రమాదం పోదు. లోపలి నీరు దిగడానికి టైం పడుతుంది.

వయనాడ్ సంగతి తీసుకోండి. 2024 జులై 30 అర్ధరాత్రి దాటాక ముండక్కై, చూరల్‌మల ఊళ్ల మీద కొండ వచ్చి పడింది. రెండు వందల మందికి పైగా చనిపోయారు. అంతకు ముందు 48 గంటల్లో అక్కడ 572 మిల్లీమీటర్ల వాన పడింది. కల్పెట్టలో ఉన్న హ్యూమ్ సెంటర్ వాళ్లు జిల్లా అంతా స్థానికుల సాయంతో వాన కొలుస్తారు. ఆ అంకెలు చూసి ముందు రోజు పొద్దున్నే, దాదాపు 16 గంటల ముందు అధికారులకి హెచ్చరిక పంపారు. చాలామంది మాత్రం ఇళ్లలోనే ఉండిపోయారు. కొండ విరిగిన చోటు సముద్రమట్టానికి సుమారు 1,550 మీటర్ల ఎత్తున ఉంది. అక్కణ్ణించి బురద, బండలు నది వెంట దాదాపు 8 కిలోమీటర్లు దిగాయి. చూరల్‌మలలో ఉన్నవాళ్లు తమ పెరట్లో ఎంత వెతికినా పగులు కనపడేది కాదు. అందుకే కంటికి కనిపించే గుర్తులు ఒక్కటే చాలవు, వాన లెక్క కూడా కావాలి అంటున్నాం.

డబ్బా కష్టమేం కాదు. పై నుంచి కింద దాకా ఒకే వెడల్పు ఉండి, అడుగు చదునుగా ఉన్న డబ్బా కావాలి. చెట్టుకీ చూరుకీ దూరంగా, ఖాళీ చోట నిలబెట్టండి. రోజూ పొద్దున్న 8:30కి లోపల స్కేలు పెట్టి చూడండి. 60 మిల్లీమీటర్ల లోతు ఉంటే 60 మిల్లీమీటర్ల వాన పడినట్టు. నోటుపుస్తకంలో రాసి పారబోయండి. గట్టి వాన రోజున మూడేసి గంటలకి చూడండి. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 115.6 దాటితే అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం. మన కొండలకి ఏ అంకె దగ్గర ప్రమాదమో మన నోటుపుస్తకమే నాలుగైదేళ్లలో చెప్తుంది. అప్పటిదాకా మేం అనేది ఇది: రెండు మూడు రోజులు ముసురు పట్టాక ఒక్క రోజులో 115 దాటితే, గెడ్డ పక్కన, కొండ మడత కింద ఉన్న ఇళ్లవాళ్లు ఆ రాత్రి వేరే చోట పడుకోవాలి.

ఇక కొండని చూసేవాళ్లు ఏం చూడాలి?

ఊరి పైన వాలు మీద నెలవంకలా కొత్త పగులు వచ్చిందా చూడాలి. పగులుకి రెండు పక్కలా మేకులు కొట్టి, మధ్య దూరం రోజూ కొలవండి. దూరం పెరుగుతుంటే కొండ కదులుతున్నట్టే. లోపలికి నీరు దిగకుండా టార్పాలిన్ కప్పి, పైనుంచి వచ్చే నీటిని పక్కకి మళ్లించండి. దానివల్ల ప్రమాదం తీరిపోదు, కొంత టైం దొరుకుతుంది.

ఎప్పుడూ లేని చోట ఊట పుట్టినా, పాత ఊట ఉన్నట్టుండి బురదగా మారినా, ఎండిపోయినా లోపల నీరు దారి మార్చుకుందని అర్థం. చెట్లు, కంచె కర్రలు కొత్తగా ఒరగడం, తలుపులు బిగుసుకుపోవడం, వాలు పాదం దగ్గర నేల ఉబ్బడం కూడా గుర్తులే.

అన్నిటికన్నా ముఖ్యం గెడ్డ. వాన కురుస్తూనే ఉన్నా గెడ్డలో నీరు తగ్గిపోయిందంటే సంతోషించకండి. పైన మట్టి, చెట్లు పడి అడ్డుకట్ట కట్టినట్టు. అది తెగితే అంతా ఒక్కసారే దిగుతుంది. చెట్లు విరిగే చప్పుడు, బండలు గుద్దుకునే చప్పుడు వినిపిస్తే సామాన్ల కోసం ఆగకండి.

పరిగెత్తేది గెడ్డ వెంట కిందకి కాదు, అడ్డంగా పక్క గట్టు మీదకి. బండ కింద, గుహలో దాక్కోవద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానప్పుడు శ్రీకాకుళం పక్కనే ఉన్న ఒడిశా గజపతి జిల్లా బరాఘరలో వానకి గుహలాంటి చోట తలదాచుకున్నవాళ్ల మీదే కొండ జారింది. పది మందికి పైగా పోయారు.

గుర్తులేవీ లేకుండా కూడా కొండ జారొచ్చు. పది సార్లు ఊరు ఖాళీ చేస్తే తొమ్మిది సార్లు ఏమీ జరక్కపోవచ్చు. అప్పుడు పెద్దవాళ్లు "పిల్లలు ఊరికే భయపెడుతున్నారు" అంటారు. తాతయ్యలతో వాదించకుండా పగులు దగ్గరికి తీసుకెళ్లి మేకుల మధ్య దూరం చూపించండి. ఏ ఊట ఎక్కడ పుడుతుందో మనకన్నా వాళ్లకే బాగా తెలుసు.

పంచాయతీని, ఐటీడీఏని మనం అడగాల్సింది ఒక్కటే. ఊరి నోటుపుస్తకంలో అంకె చూసి ఆ రాత్రికి స్కూలు తాళం తియ్యాలి. జిల్లా మెసేజ్ వచ్చేదాకా ఆగకూడదు. ఆ స్కూలు కూడా కొండ మడత కింద లేదని ఎండాకాలంలోనే చూసుకోవాలి.

సెలవులకి ఊరెళ్లినవాళ్లు డబ్బా పెట్టి, మీ ఊరి పేరు, మొదటి రోజు అంకె కింద కామెంట్లో రాయండి. మీ ఊళ్లో ఇంతకుముందు కొండ జారి ఉంటే ఏ చోట, ఎన్ని రోజుల వాన తర్వాత జారిందో పెద్దవాళ్లని అడిగి అదీ రాయండి.