పరీక్షల నియంత్రణాధికారికి బహిరంగ లేఖ

అయ్యా,

బోడుప్పల్‌లో డిప్లొమా పిల్లలకు డిజిటల్ ఎలక్ట్రానిక్స్ చెప్పే మనిషిని. 156ను ఆక్టల్‌లోకి మార్చమంటే ఒకతను వరుసగా 8తో భాగించాడు: భాగఫలం 19, శేషం 4, తర్వాత 2, శేషం 3, చివరకు 0, శేషం 2. కిందినుంచి పైకి చదివితే 234. అతను పైనుంచి చదివి 432 రాశాడు. పడింది సున్నా. ఖాళీ కాగితం ఇచ్చినవాడికీ అంతే కదా!

హెక్సాడెసిమల్‌లో 9C బదులు 912 రాసినవాడిదీ ఇదే గతి. బైనరీలో ఒక భాగఫలం తప్పితే ఆపై శేషాలూ మారవచ్చు. తప్పు మాత్రం ఒక్కటే.

దయచేసి మూల్యాంకన సూచనల్లో భాగహారానికీ, శేషాల క్రమానికీ, తుది జవాబుకూ మార్కులు విడివిడిగా చూపండి. ఒక తప్పుకు ఒక్కసారే కోయమని వచ్చే పరీక్షలోపే ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
ఒక అధ్యాపకుడు