పాల మీద పొయ్యి పెట్టమంటే జబ్బు వచ్చినట్టేనా?

"పాల మీద పొయ్యి పెట్టు బిడ్డా" అని అత్తగారు అంటారు. కోడలు ఫక్కున నవ్వుతుంది. నల్లగొండ బస్సెక్కాల్సిన మనిషి కండక్టర్‌ను "గల్లనొండకు ఒకటి" అని టికెట్ అడిగి నాలుక కరుచుకుంటాడు. పాలమూరు కాస్తా 'మాలపూరు' అవుతుంది. ఇలాంటి తడబాట్లు మనందరికీ మామూలే. అయితే ఇంట్లో అరవై దాటినవారు ఇలా అంటే మాత్రం పిల్లలు బెదిరిపోతున్నారు. "మెదడుకు ఏమన్నా అయిందా సార్, స్కానింగ్ తీయించాల్నా?" అని ఓపీకి తీసుకొస్తున్నారు. మరికొన్ని ఇళ్లలో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతోంది. నిజంగా మాట పడిపోతున్న మనిషిని చూసి "ఏదో తడబడ్డడు, పడుకుంటే సర్దుకుంటది" అని సాయంత్రం దాకా ఆగుతున్నారు. ఈ రెండింటికీ తేడా తెలియాలంటే ముందు మంచి ఆరోగ్యంతో ఉన్న మనిషి మాట ఎలా తడబడుతుందో తెలుసుకోవాలి.

అక్షరాలు అడ్డదిడ్డంగా మారవు

'నల్లగొండ' 'గల్లనొండ' అయినప్పుడు ఏం జరిగిందో చూడండి. 'నల్ల'లో మొదటి హల్లు, 'కొండ' అర్థంలో ఉన్న 'గొండ'లో మొదటి హల్లు చోట్లు మార్చుకున్నాయి. వాటి వెనకున్న అచ్చులు కదల్లేదు. మాట మొదట్లో ఉండే హల్లు మొదటి చోటికే వెళ్లింది తప్ప చివరికి పోలేదు. 'దేవరకొండ' 'కేవరదొండ' అయినా అంతే. ఇలా వచ్చిన మాటకు అర్థం లేకపోయినా తెలుగు మాటలాగే వినిపిస్తుంది. మన మాటలు 'ణ', 'ళ'లతో మొదలు కావు. తడబాటులో కూడా దాదాపు ఎప్పుడూ ఆ హద్దు దాటం.

ఇలా హల్లులు తారుమారు కావడాన్ని ఇంగ్లిష్‌లో స్పూనరిజం అంటారు. ఆక్స్‌ఫర్డ్‌లోని న్యూ కాలేజీకి అధిపతిగా పనిచేసిన విలియం స్పూనర్ (1844–1930) పేరు మీద వచ్చిందది. ఆయన అన్నట్టు ప్రచారంలో ఉన్నవాటిలో చాలావరకు విద్యార్థులు సరదాకు కల్పించినవే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. నోరు ఇంకా 'న' దగ్గరే ఉండగా 'గ' ముందుకొచ్చేసింది. అంటే నోరు తెరిచేసరికే మెదడులో 'గ' కూడా సిద్ధంగా ఉందన్నమాట. మనం ఒక్కో అక్షరాన్నీ అప్పటికప్పుడు తయారుచేసుకుని పలకం. ముందు రాబోయేవాటిని వరుసలో పేర్చుకుని ఒక్కొక్కటే వదులుతాం. ఆ వరుసలో ఒకే రకం చోటులో ఉన్న రెండు హల్లులు ఒక్కోసారి మారిపోతాయి. 'ఎర్ర లారీ తెల్ల లారీ' అని గబగబా అనమంటే పిల్లలు తడబడేది అందుకే. 'ర', 'ల' పలికే తీరు దగ్గర దగ్గరగా ఉంటుంది. అందుకే ఒకదాని చోటులోకి ఇంకొకటి సులువుగా దూరుతుంది.

మాటలు మారినా విభక్తి కదలదు

ఇప్పుడు పాలు, పొయ్యి సంగతి. ఇక్కడ మారింది అక్షరాలు కాదు, ఏకంగా మాటలే. అయితే 'మీద' తన చోటులోనే ఉంది, 'పెట్టు' కూడా కదల్లేదు. పేరు చెప్పే మాట మరో పేరుతోనే చోటు మార్చుకుంది, క్రియతో మార్చుకోలేదు.

ఇంకో ఉదాహరణ తీసుకుందాం. "మా తమ్ముడు ఊళ్లో ఇల్లు కట్టిండు" అనబోయి ఒకాయన "ఇంట్లో ఊరు కట్టిండు" అన్నాడనుకోండి. ఊరు, ఇల్లు తారుమారయ్యాయి. కానీ ఆయన 'ఇల్లులో' అనలేదు, 'ఇంట్లో' అన్నాడు. 'ఊళ్లో' కాస్తా మళ్లీ 'ఊరు' అయింది. పొరపాటున వచ్చి కూర్చున్న మాట కూడా ఆ చోటుకు తగిన రూపమే తొడుక్కుంది. దీన్నిబట్టి మెదడులో పని రెండు అంచెల్లో సాగుతుందని తెలుస్తుంది. మొదటి అంచెలో వాక్యానికి చట్రం, అందులో ఏ మాట ఎక్కడ అన్న నిర్ణయం. రెండో అంచెలో ఆ మాటల రూపం, అక్షరాల వరుస. మాటలు మారేది మొదటి అంచెలో, హల్లులు మారేది రెండో అంచెలో. మాటలు వాక్యంలో దూరదూరంగా ఉన్నా మారతాయి. హల్లులు మాత్రం ఎక్కువగా పక్కపక్కనే ఉన్న మాటల్లో, ఒకే మాటలోని భాగాల్లో మారతాయి. విక్టోరియా ఫ్రామ్‌కిన్ 1971లో, మెరిల్ గారెట్ 1975లో అమెరికాలో వందలాది తడబాట్లను పరిశీలించి ఈ లెక్క తేల్చారు. వారు చూసింది ఇంగ్లిష్‌నే. అయినా విభక్తులు, ప్రత్యయాలు ఇంతగా ఉన్న మన భాషలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

"మనసులో ఉన్నదే బయటపడింది" అని ఇళ్లలో తగవులు పెట్టుకునేవారికి ఒక మాట. 1901లో ఫ్రాయిడ్ అలాంటి వాదనే చేశారు. మనసులో తిరుగుతున్న మాట మధ్యలో దూరడం ఉన్నదే. కానీ ఆ మాట అప్పటికి దగ్గర్లో ఉందని మాత్రమే దానికి అర్థం, దాచుకున్న కోరిక అని కాదు. తమ్ముణ్ని అన్న పేరుతో పిలిచిన తల్లికి పక్షపాతం అంటగట్టకండి. ఆ రెండు పేర్లూ ఆమె మెదడులో ఒకే అరలో ఉన్నాయంతే.

జబ్బు ఎలా ఉంటుంది?

తడబాటులో చట్రం నిలబడుతుంది. జబ్బులో చట్రమే దెబ్బతింటుంది. మెదడుకు ఎడమవైపు ముందు భాగంలో రక్తం ఆగిపోతే ఆ మనిషి "పొయ్యి... పాలు... పెట్టు" అని కష్టపడి ఒక్కో మాటా తీస్తాడు. విభక్తులు జారిపోతాయి, లేదా ఒకదాని బదులు మరొకటి వస్తుంది. ఎడమవైపే ఇంకాస్త వెనక భాగం దెబ్బతింటే మాట ధారగా వస్తుంది కానీ అర్థం ఉండదు. ఏ భాషలోనూ లేని మాటలు దొర్లుతాయి. మనం చెప్పేదీ సరిగా అర్థం కాదు, తప్పు మాట్లాడుతున్నానన్న స్పృహా ఉండదు. కొందరికి మాటలు సరిగ్గానే వస్తాయి కానీ నాలుక మందమై ముద్దముద్దగా పలుకుతారు. అదీ పక్షవాత లక్షణమే కావచ్చు.

ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటుంది. తడబడిన మనిషికి "ఏమన్నావు?" అని గుర్తుచేయండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు తమ తప్పులన్నీ తామే పట్టుకోలేరు. కానీ గుర్తుచేస్తే నవ్వి, సరిచేసి చెబుతారు. "పొయ్యి మీద పాలు పెట్టు" అన్న వాక్యాన్ని తిరిగి అనమనండి. చేతిలో చెంచా చూపించి పేరు అడగండి. రెండూ చేసి, మిగతా మాటంతా మామూలుగా ఉంటే అది తడబాటే. దానికి స్కానింగ్ అక్కర్లేదు.

తిరిగి అనలేకపోయినా, ముఖం ఒకవైపు వంకర పోయినా, చేయి పైకెత్తి నిలపలేకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఇవన్నీ లేకుండా మాట ఒక్కటే ఉన్నట్టుండి తేడాగా వచ్చినా ఆగొద్దు. షుగర్ మందులు వాడేవారైతే గ్లూకోజ్ పడిపోయినా మాట ఇలాగే తేడా రావచ్చు. మీటర్ ఉంటే చూడండి, కానీ దాని కోసం ప్రయాణం ఆపొద్దు. మింగడం కష్టంగా ఉండొచ్చు కాబట్టి నోట్లో నీళ్లు, మాత్రలు పోయొద్దు. చివరిసారి మాట బాగా ఉన్న సమయం గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను మామూలుగా ఆ సమయం నుంచి నాలుగున్నర గంటల్లోపే ఇస్తాం. అంతకంటే ముందు సీటీ స్కాన్ తీసి రక్తస్రావం లేదని చూసుకోవాలి. దేవరకొండ, అచ్చంపేట వైపు పల్లెల నుంచి బయల్దేరేవారికి ఆ గడువులో చాలా భాగం దారిలోనే పోతుంది. అందుకే దగ్గర్లో సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రి ఏదో ముందే తెలుసుకుని ఉంచుకోండి.

ఒక్కసారిగా కాకుండా నెలల తరబడి మెల్లగా తేడా వచ్చేది వేరే రకం. తెలిసిన వస్తువుల పేర్లు కూడా దొరక్క రోజూ "అదే... అది" అంటుంటే, చెప్పిందే మళ్లీ మళ్లీ చెబుతుంటే మతిమరుపు జబ్బేమో చూపించాలి. దానికి పరుగెత్తుకు రానక్కర్లేదు కానీ వయసు మీద తోసి వదిలేయొద్దు.

అత్తగారు పాల మీద పొయ్యి పెట్టమన్నారా? నవ్వుకుని, పొయ్యి మీద పాలు పెట్టండి. మీ నవ్వు చూసి ఆవిడా నవ్వారంటే భయం లేదు. ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాక అలాగే చూస్తూ ఉంటే మాత్రం పొయ్యి ఆపేసి ఫోన్ తీయండి.