ఫోనొచ్చింది సరే, గోడ మీద బోర్డు సంగతేటి?

సంక్రాంతికి ఊరొచ్చిన పిల్లలు పెద్దవాళ్ల చేతిలో కొత్త ఫోను పెట్టి వెళ్లడం ఇప్పుడు మామూలైపోయింది. ఎచ్చెర్లలో మా మేనత్తకీ మనవడు హైదరాబాదు నుంచి ఒకటి తెచ్చాడు. వాట్సాప్ ఎక్కించాడు, నానమ్మతో ఫొటో దిగాడు, బస్సెక్కాడు. తీరా చూస్తే పెట్టెలో ఫోనుంది, కేబుల్ ఉంది, గోడకి పెట్టే చార్జర్ లేదు. 2020లో ఆపిల్, మరుసటి ఏడాది శాంసంగ్ పెట్టెలోంచి చార్జర్ తీసేయడం మొదలుపెట్టాయి. "పొయ్యిచ్చి కర్రలివ్వనట్టుంది గదేటి బాబూ" అంది అత్త. కంపెనీల మీద ఇంతకన్నా మంచి విమర్శ నేను చదవలేదు.

దాంతో చార్జర్ కొనే పని ఊళ్లోవాళ్ల మీద పడింది. రోడ్డు పక్క బండి మీద తీగకి వేలాడేవి చవగ్గానే దొరుకుతాయి, ఫోనూ ఎక్కుతుంది. తేడా లోపల ఉంటుంది. గోడలోంచి వచ్చేది 230 వోల్టులు, ఫోనుకి కావలసింది మామూలుగా 5, వేగంగా ఎక్కించేవాటిలో 9 లేదా ఇంకాస్త ఎక్కువ. ఆ పెద్ద కరెంటుకీ ఈ చిన్న కరెంటుకీ మధ్య చార్జర్ లోపల తగినంత ఎడం, గట్టి ఇన్సులేషన్ ఉండాలి. చవక సరుకులో కోత పడేది అక్కడే. ఆ అడ్డు దెబ్బతిందంటే గోడలోని కరెంటు కేబుల్ దాకా, ఫోను పట్టుకున్న చేతి దాకా వచ్చేస్తుంది. అందుకే చార్జర్ వెనక చిన్న అక్షరాల్లో బీఐఎస్ గుర్తు, దాని దగ్గర 'ఆర్' అక్షరంతో మొదలయ్యే ఎనిమిదంకెల నంబరు ఉన్నాయో లేదో చూడాలి. ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీకి ఇచ్చారో చెబుతుంది. చార్జర్ మీది పేరు ఒకటి, యాప్ చెప్పే పేరు మరొకటి అయితే కొనొద్దు. పెద్దవాళ్ల కళ్లకి ఆ అక్షరాలు ఆనవు కాబట్టి ఈ పని పిల్లలే చేసిపెట్టాలి. వాట్లు ఎక్కువున్న చార్జర్ ఫోనుని కాల్చేస్తుందన్న భయం మాత్రం అక్కర్లేదు. మంచి చార్జర్ మొదట 5 వోల్టులే ఇస్తుంది, ఫోను అడిగితేనే పెంచుతుంది.

చార్జర్ మంచిదే తెచ్చాం. అసలు కథ గోడ దగ్గర మొదలైంది. అత్త ఇంట్లో బోర్డు మీద మూడు చిల్లుల సాకెట్టు ఒక్కటే. చార్జరుకేమో రెండే పిన్నులు. సాకెట్టు లోపల పిల్లల వేళ్లు వెళ్లకుండా చిన్న తలుపుంటుంది. కొన్నిటిలో పైనున్న పెద్ద చిల్లులోకి పిన్ను దూరితేనే కింది రెండూ తెరుచుకుంటాయి. చార్జరుకి ఆ మూడో పిన్ను లేదు కదా, అందుకని అత్త ఆ పెద్ద చిల్లులో బాల్‌పెన్ను గుచ్చి, తలుపు తెరిచి, రెండో చేత్తో చార్జర్ దూర్చింది. "అందరూ ఇలాగే పెడతారు బాబూ" అంది. నిజమే, అందరూ అలాగే పెడతారు. పెన్ను బదులు చేతికందిన మేకో స్క్రూడ్రైవరో పెట్టేవాళ్లూ ఉన్నారు. పెద్ద చిల్లు ఎర్తుది, అందులో కరెంటుండదని ధీమా. వైరింగులో తేడా ఉన్న ఇంట్లో ఎర్తు తీగలోకీ కరెంటు వస్తుంది. పైగా అలా పెకిలించి తెరిచిన సాకెట్టు కొన్నాళ్లకి వదులైపోతుంది.

వదులైతే ఏమవుతుంది? చార్జర్ లాగే కరెంటు చాలా తక్కువ, ఇస్త్రీ పెట్టెలా సాకెట్టుని మరిగించేంత కాదు. కానీ సన్నటి పిన్ను లోపలి ఇత్తడి రేకుని తగిలీ తగలక ఉంటే ఆ సందులో నిప్పురవ్వలు లేస్తాయి. రేకు మాడుతుంది, మాడినకొద్దీ పట్టు ఇంకా తగ్గుతుంది, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ నల్లబడుతుంది. ముందుగా తెలిసేది చెవికి, చిటపటమంటుంది. తర్వాత ముక్కుకి, కమురు వాసన. ఫోనులోనైతే బ్యాటరీ బొమ్మ మీది మెరుపు గుర్తు వస్తూ పోతూ ఉంటుంది. చార్జర్ తన బరువుకే ముందుకి వాలుతుంటే ఆ సాకెట్టు పని అయిపోయినట్టే. అత్త ఇంట్లో ఎలక్ట్రీషియన్ని పిలిచి, మెయిన్ ఆపించి, రెండు పిన్నులూ మూడు పిన్నులూ పట్టే అయిదు చిల్లుల సాకెట్టు బిగించాం. ఫోను ధరలో అదొక లెక్కే కాదు. కొత్త ఫోను కొనిచ్చేవాళ్లు పెట్టె మీద రిబ్బను కట్టేముందు ఆ బోర్డుకేసి ఓసారి చూడాలన్నది నా మాట.

ఇక అత్తకి చెప్పిన వరస ఇది. చేతులు తుడుచుకో. స్విచ్చి ఆపు. చార్జర్‌ని గోడకి పూర్తిగా, పిన్నులు కనపడనంత వరకూ నొక్కు. కేబుల్ ఫోనుకి పెట్టు, టైప్-సి కాబట్టి ఎటు తిప్పినా పడుతుంది, పట్టకపోతే తొయ్యొద్దు, లోపల దూది పోగుందేమో చూడు. అప్పుడు స్విచ్చి వెయ్యి. తీసేటప్పుడు ముందు స్విచ్చి ఆపు, తర్వాత చార్జర్ ఒళ్లు పట్టుకుని లాగు, తీగ పట్టుకుని కాదు. ఈ వరస ఫోను కోసం కాదు, వేళ్ల కోసం. సగం లోపల, సగం బయట ఉన్న పిన్నులో కరెంటుండొచ్చు.

బోర్డు నిలువెత్తులో ఉంటుంది కాబట్టి చాలా ఇళ్లలో ఫోను తీగకి ఉరేసుకున్నట్టు వేలాడుతుంటుంది, లేదా మంచం మీద దిండు కిందకి చేరుతుంది. మొదటిదాంతో ఫోను నోరు వదులవుతుంది. రెండోది ప్రమాదం. చార్జింగులో ఉన్న ఫోను వేడెక్కుతుంది, ఆ వేడి బయటకి పోవాలి. మన మే నెల ఉక్కపోతకి దిండు కూడా తోడైతే బ్యాటరీ తొందరగా పాడవుతుంది, లోపమున్న బ్యాటరీ అయితే అంటుకోనూవచ్చు. బోర్డు కింద ఒక చెక్క స్టూలు వేసి ఫోను దాని మీద పెట్టించాం. గోరువెచ్చగా ఉంటే మామూలే. చెయ్యి ఆనించలేనంత కాలితే స్విచ్చి ఆపెయ్యాలి. వెనక అట్ట పైకి ఉబ్బితే ఇక చార్జింగ్ పెట్టకూడదు, నొక్కకూడదు, చెత్తబుట్టలో వెయ్యకూడదు, సర్వీసు సెంటరుకే ఇవ్వాలి.

"కొత్త ఫోనుకి మొదటి రోజు ఎనిమిది గంటలు ఎక్కించాలని కొట్టువాడు సెప్పినాడు" అంది అత్త. అది పాత రకం బ్యాటరీల నాటి మాట. ఇప్పటి లిథియం బ్యాటరీకి అవసరం లేదు. ఇరవై శాతానికి దిగినప్పుడు పెట్టి, ఎనభై తొంభై దగ్గర తీసేస్తే ఎక్కువకాలం మన్నుతుంది. నూరు నిండితే ఫోనే ఆపుకుంటుంది, పేలిపోదు. అయినా రాత్రి బదులు అందరూ మెలకువగా తిరిగే పగటి వేళే పెట్టుకోమన్నాను.

కరెంటు బిల్లు భయం కూడా తీర్చాల్సి వచ్చింది. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ నిండడానికి, వృథా కలుపుకున్నా, యూనిట్లో నలభయ్యో వంతు సరిపోతుంది. రోజూ నిండా ఎక్కించినా నెలకి ఒక యూనిట్ కాదు. ఖాళీ చార్జర్ గోడకి ఉండిపోయినా బిల్లులో కనపడనంత తక్కువే లాగుతుంది.

"అలాగైతే దాన్ని అక్కడే ఒగ్గేత్తాను" అంది. వద్దన్నాను, కారణం బిల్లు కాదు, పిడుగు. మన జిల్లాలో వేసవి చివర సాయంత్రాలు ఉరుముతాయి. దగ్గర్లో పిడుగు పడితే తీగల వెంట వచ్చే దెబ్బ ఆపిన స్విచ్చిని కూడా దూకగలదు, కాబట్టి ఉరుములకి ముందే చార్జర్ గోడలోంచి ఊడదీయాలి. ఉరుము వినపడ్డాక బోర్డు జోలికి పోకూడదు, చార్జింగులో ఉన్న ఫోను చెవికి పెట్టకూడదు. తుపాను కబురు వస్తే మాత్రం లెక్క మారుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి కబురు విన్న రోజు ఎనభై దగ్గర ఆపక్కర్లేదు, గాలి మొదలవకముందే నూరూ నింపి, చార్జర్ ఊడదీసి, ఫోనుని పాలిథిన్ కవర్లో పెట్టుకోవాలి.