క్షీణచంద్రుడు దోషమా, అంతర్ముఖత్వమా?

కృష్ణ చతుర్దశి నాడో, అమావాస్య నాడో శిశువు జన్మించినదని తెలిసినంతనే అనేక గృహములలో ఆనందము స్థానమున భయము ప్రవేశించుచున్నది. ఆ భయము శైశవముతో ముగియదు. వివాహ సంబంధములు చూచు వేళ మరల తల యెత్తును. జన్మతిథి జీవితమును గూర్చి ఏమి సూచించును, ఏమి సూచింపదు అను వివేచన లేనందువలననే ఈ అనర్థము కలుగుచున్నది.

తిథి యనగా సూర్యచంద్రుల మధ్యనున్న దూరము. చంద్రస్ఫుటము నుండి రవిస్ఫుటమును తీసివేసి, శేషమును 12 చేత భాగించినచో గడచిన తిథుల సంఖ్య లభించును. ఇది రెండు స్ఫుటముల భేదము గనుక సాయన, నిరయన పద్ధతులు రెండింటను తిథి ఒక్కటే. పాశ్చాత్య జ్యోతిష్కుడు డేన్ రుధ్యార్ ఇదే దూరమును ఎనిమిది దశలుగా విభజించెను. వానిలో చివరి 45 భాగలు బాల్సమిక్ దశ. మన గణనలో అది కృష్ణ ద్వాదశి తొలి పాదము గడచినది మొదలు అమావాస్యాంతము వరకు గల కాలము.

మన గ్రంథములు ఈ క్షీణచంద్రుని బలహీనునిగా పరిగణించినవి. అది సత్యమే. అయితే పక్షబలము చంద్రుని బలములలో ఒకటి మాత్రమే. రాశి, కేంద్రస్థితి, గురుదృష్టి మున్నగువానిని చూడక తిథి నొక్కదానినే పట్టుకొని ఫలము చెప్పుట శాస్త్రసమ్మతము కాదు.

ఒక ఉదాహరణము చూతము. రవి కర్కాటకమున 10వ భాగలో, చంద్రుడు మిథునమున 17వ భాగలో ఉన్నారనుకొందము. మేషాది నుండి లెక్కించిన రవి 100, చంద్రుడు 77. డెబ్బది యేడులో నూరు పోదు గనుక 360 కలిపి తీసివేయగా 337 వచ్చును. దానిని 12 చేత భాగింపగా 28 తిథులు గడచి, ఇరువది తొమ్మిదవది, అనగా కృష్ణ చతుర్దశి, ఒక్క భాగ మాత్రమే నడచినది. పరాశర హోర కృష్ణ చతుర్దశిని ఆరు భాగములు చేసి, మొదటి భాగమున జన్మము శుభమనియే చెప్పినది. తిథి 12 భాగలు గనుక ఆరవ వంతు 2 భాగలు. ఈ శిశువు అందులోనే జన్మించెను. "చతుర్దశి" అను పేరు విని భయపడిన తల్లిదండ్రులకు నిజమున భయహేతువే లేదు. తక్కిన భాగములకు శాస్త్రము శాంతిని విధించినది. శాంతి జరిపిన పిమ్మట ఆ విషయమును జీవితాంతము ముద్రగా మోయుట తగదు.

ఇక్కడ తరచుగా జరుగు పొరపాటొకటి కలదు. క్యాలెండరులో ఆ దినమునకు వ్రాసిన తిథి సూర్యోదయ కాలమునకు సంబంధించినది. మధ్యాహ్నమునకు ఆ తిథి ముగిసినచో సాయంకాలము పుట్టిన బిడ్డది తరువాతి తిథి. విదేశములలో పుట్టినచో జన్మసమయమును భారతకాలమునకు మార్చి, ఇక్కడి పంచాంగములోని తిథ్యంతముతో పోల్చవలెను.

ఇక జీవితలయ మాట. శుక్లపక్షాదిలో పుట్టినవారిలో ఆరంభోత్సాహము, పూర్ణిమా సమీపమున పుట్టినవారిలో పరులతో సంబంధమున తన్ను తాను తెలిసికొనుట, కృష్ణపక్షమున పుట్టినవారిలో పొందినదానిని పంచుట, మాసాంతమున పుట్టినవారిలో ముగింపు, విసర్జన, ఏకాంతప్రీతి ప్రధానములని ఊహింపవచ్చును. శ్రీరామకృష్ణులు ఫాల్గుణ శుక్ల విదియ నాడు, వారి శిష్యులు వివేకానందస్వామి పుష్య కృష్ణ సప్తమి నాడు జన్మించిరి. గురువు బీజము నాటెను. శిష్యుడు దానిని లోకమునకు పంచెను. పోలిక రమ్యమే గాని ప్రమాణము కాదు. ఆ సప్తమి నాడే పుట్టినవారు అసంఖ్యాకులు. వారందరును వివేకానందులు కాలేదు. పైగా విదియ నాడు పుట్టిన పరమహంసయే సమాధినిష్ఠుడు. తిథి నడకను సూచించును, గమ్యమును నిర్ణయింపదు.

వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పినదొకటి ఇక్కడ స్మరింపదగినది. ఎండలో ఉంచిన కుండవలె చంద్రునిలో సూర్యుని వైపునకున్న సగము నిత్యము ప్రకాశించుచునే యుండును. అనగా అమావాస్య నాడు చంద్రుడు వెలుగు కోల్పోవుట లేదు. ఆ వెలుగు మన వైపు గాక సంపూర్ణముగా సూర్యుని వైపు తిరిగి యున్నది. చంద్రుడు మనస్సునకు, సూర్యుడు ఆత్మకు కారకులని జ్యోతిషము చెప్పుచున్నది. అట్లయిన క్షీణచంద్ర జన్మము ఆత్మాభిముఖమైన మనస్సును సూచించుననుటయే నాకు సమంజసముగా తోచుచున్నది. అట్టి బిడ్డ ఏకాంతము కోరినప్పుడు దానిని దోషమని చికిత్సింపక, జపధ్యానములకు త్రోవ చూపుడు.