పది మంది బిర్యానీ పద్నాలుగు మందికి

వంటల పుస్తకాలలో బిర్యానీ కొలతలు చాలావరకు ఒక కిలో మాంసానికి, అంటే సుమారు పది మందికి సరిపడేలా ఉంటాయి. దావత్‌కు వచ్చేవారు మాత్రం ఆ లెక్కకు కట్టుబడి రారు. ఇఫ్తారుకు పది మందిని అనుకుంటే పద్నాలుగు మంది అవుతారు. కొలతలను రెట్టింపు చేయడం ఎవరికైనా సులువే. నలభై శాతం పెంచవలసి వచ్చినప్పుడే చేయి తడబడుతుంది. కొందరు అన్నిటినీ ఉజ్జాయింపుగా ఒకటిన్నర రెట్లు చేస్తారు. మరికొందరు మాంసాన్నీ బియ్యాన్నీ తూచి పెంచి, ఉప్పునూ మసాలానూ చేతి అంచనాకు వదిలేస్తారు. మామూలు కూరలో ఈ తేడాను చివర రుచి చూసి సరిదిద్దుకోవచ్చు. కచ్చి దమ్ బిర్యానీలో ఆ వీలు లేదు. పచ్చి మాంసాన్ని రుచి చూడలేము. దమ్‌కు మూత బిగించిన తరువాత లోపల ఏమీ కలపలేము. అందుకే ఈ నెల ఆ ఒక్క వంటకం కొలతలనే తీసుకుని వివరంగా చెబుతున్నాము.

ముందు లెక్క. పది పద్నాలుగు కావడమంటే ఐదు పాళ్ళు ఏడు పాళ్ళు కావడమే. ఏ కొలతనైనా ఐదుతో భాగించి, వచ్చినదాన్ని ఏడుతో హెచ్చించాలి. పెరుగు 250 గ్రాములు అయితే ఐదో వంతు 50. ఏడు యాభైలు 350. ఈ పద్ధతిలో ఒక కిలో కొలతలు ఇలా మారుతాయి:

మాంసం: 1 కిలో – 1 కిలో 400 గ్రాములు
బాస్మతి బియ్యం: 1 కిలో – 1 కిలో 400 గ్రాములు
పెరుగు: 250 గ్రాములు – 350 గ్రాములు
ఉల్లిపాయలు: 400 గ్రాములు – 560 గ్రాములు
అల్లం వెల్లుల్లి ముద్ద: 50 గ్రాములు – 70 గ్రాములు
పచ్చి బొప్పాయి ముద్ద: 30 గ్రాములు – 42 గ్రాములు
మాంసంలో ఉప్పు: 20 గ్రాములు – 28 గ్రాములు
పచ్చిమిర్చి: 10 – 14
ఏలకులు: 5 – 7
లవంగాలు: 10 – 14
నెయ్యి: 100 గ్రాములు – 140 గ్రాములు
కుంకుమపువ్వు నానబెట్టే పాలు: 100 మి.లీ. – 140 మి.లీ.

ఈ జాబితాను వంట మొదలుపెట్టకముందే కాగితంపై రాసుకోవాలి. చెంచాతో చెప్పిన కొలతలు పెంచినప్పుడు భిన్నాలలో పడతాయి. రెండు చెంచాల కారం రెండు చెంచాలూ, మరో ముప్పావు చెంచాకు కాస్త పైన అవుతుంది. అందుకు ఒక ఉపాయం ఉంది. పాత కొలత ప్రకారం రెండు చెంచాలను ఒకసారి త్రాసులో తూచి, ఆ గ్రాములను పెంచుకుంటే సందేహం ఉండదు. నిమ్మకాయల విషయమూ అంతే. రెండు కాయలను పెంచితే మూడుకు కొంచెం తక్కువ వస్తుంది. కాయలు ఒక్కతీరుగా ఉండవు కనుక రసాన్నే కొలవాలి. పొదీనా, కొత్తిమీర మాత్రం ఒక కట్టకు బదులు కట్టన్నర వేసినా దోషం లేదు.

ఉప్పు, బొప్పాయి ముద్దల దగ్గర ఆ స్వేచ్ఛ లేదు. బొప్పాయి ఎక్కువైతే ముక్క పైపొర ముద్దగా మారి, వడ్డించేటప్పుడు ఎముకను వదిలి చెదిరిపోతుంది. మరో మాట: ముద్ద పెరిగింది కదా అని నానబెట్టే సమయాన్ని పెంచకూడదు. పాళ్ళు మారలేదు కనుక పాత సమయమే సరిపోతుంది.

ఇక అందరూ తడబడే చోటు ఎసరు. అన్నం వండుకునేటప్పుడు ఉప్పును బియ్యాన్ని బట్టి వేస్తాము. బిర్యానీకి బియ్యాన్ని ఎక్కువ నీళ్ళలో ఉడికించి వార్చేస్తాము కనుక ఇక్కడ ఉప్పును నిర్ణయించేది బియ్యం కాదు, నీళ్ళు. బియ్యం తాను పీల్చుకున్న నీటితో పాటే ఉప్పును తీసుకుంటుంది. మిగిలిన ఉప్పు వార్చిన నీటితో పోతుంది. కిలో బియ్యానికి 5 లీటర్ల ఎసరు, 90 గ్రాముల ఉప్పు అని పాత కొలత అనుకుందాము. అంటే లీటరుకు 18 గ్రాములు. పద్నాలుగు మందికి 7 లీటర్లు పోస్తే 126 గ్రాములు వేయాలి. అయితే ఇంట్లో గిన్నెకు 6 లీటర్లే పట్టవచ్చు. అప్పుడు వేయవలసినది 108 గ్రాములు మాత్రమే. బియ్యం లెక్కతో 126 వేస్తే అదే బియ్యం మరింత ఉప్పటి నీటిని పీల్చుకుంటుంది. బియ్యం వేయకముందు ఎసరును ఒక చుక్క నాలుకపై వేసుకుని చూడాలి. మామూలు పులుసుకన్నా అది స్పష్టంగా ఉప్పగా తెలియాలి. నీళ్ళు తగ్గితే మరో చిక్కూ ఉంది. బియ్యం వేయగానే ఎసరు చల్లబడి, మళ్ళీ మరగడానికి ఆలస్యమవుతుంది. కాబట్టి నిమిషాలను లెక్కించక, మెతుకును నలిపి చూసి, నడుమ పలుకు ఉండగానే వార్చాలి.

ఉల్లిపాయలు వేయించే నూనెను కూడా రెండు భాగాలుగా చూడాలి. మాంసంలో కలిపే నూనె 100 మి.లీ. ఉంటే 140 చేయాలి. మూకుడులో పోసే నూనెను పెంచనక్కరలేదు. ఉల్లిపాయలనే రెండు వాయిలుగా వేయించాలి. 560 గ్రాములూ ఒకేసారి వేస్తే వాటి నీరు ఆవిరి కాలేక ముక్కలు మెత్తగా ఉడుకుతాయే గాని కరకరలాడవు.

చివరిది గిన్నె. దమ్ సమయాన్ని నిర్ణయించేది మాంసం బరువు కన్నా గిన్నెలో దాని మందం. పాత గిన్నెలోనే 1 కిలో 400 గ్రాములు సర్దితే, అయిదు సెంటీమీటర్ల పొర ఏడవుతుంది. వేడి పైదాకా చేరేలోపు అడుగు మాడవచ్చు. పొర మందం మారకుండా ఉండాలంటే గిన్నె అడుగు వైశాల్యం నలభై శాతం పెరగాలి. అందుకు గిన్నె వెడల్పు నలభై శాతం పెరగనక్కరలేదు, సుమారు పద్దెనిమిది శాతం చాలు. 28 సెంటీమీటర్ల గిన్నెకు బదులు 33 సెంటీమీటర్ల గిన్నె తీసుకుంటే సరిపోతుంది. అప్పుడు సన్న సెగపై దమ్‌కు పాత సమయమే ఉంచవచ్చు. మొదట పెద్ద మంటపై ఆవిరి పుట్టడానికి మాత్రం ఎక్కువ సేపు పడుతుంది. అక్కడ గడియారాన్ని నమ్మక గుర్తును చూడాలి. మూత అంచు పిండి సందుల్లోంచి ఆవిరి గట్టిగా చిమ్మి, మూతపై చిలకరించిన నీటిచుక్క సుయ్‌మన్నాకే మంట తగ్గించి, గిన్నె కింద పెనం పెట్టాలి. వెడల్పు గిన్నె దొరకక పాతదానిలోనే వండవలసి వస్తే, పెనాన్ని మరికాస్త ముందే పెట్టి, సన్న సెగపై పది నిమిషాలైనా అదనంగా ఉంచాలి.

మరుసటిసారి మళ్ళీ పది మందే వస్తే, పెంచి రాసుకున్న కొలతల నుండి నలభై శాతం తీసివేయకూడదు. 1 కిలో 400 గ్రాములలో నలభై శాతం 560 గ్రాములు. అది తీసేస్తే మిగిలేది 840 గ్రాములే. ఏడు పాళ్ళు ఐదు కావాలి కనుక ఏడుతో భాగించి ఐదుతో హెచ్చించాలి. అప్పుడే కిలో మళ్ళీ కిలో అవుతుంది.