పెద్దల మాటను కాదనే రీతి: మల్లినాథసూరి నుండి బోధన్ ఏకచక్రపురం వరకు

శాస్త్రపరిచయం గలవారు ఒక పూర్వవిద్వాంసుని అభిప్రాయంతో విభేదించవలసివచ్చినప్పుడు సాధారణంగా రెండు దోషాలలో ఒకదానికి లోనవుతారు. కొందరు వినయం పేరిట తమ మాటనే మరుగుపరుస్తారు. “ఇలా కూడా అనుకోవచ్చునేమో, పెద్దలే నిర్ణయించాలి” అని వ్రాసి ముగిస్తారు. చదివినవానికి ఆ రచయిత ఏ పక్షమో చివరిదాకా తెలియదు. మరికొందరు పక్షాన్ని స్పష్టంగానే చెబుతారు గాని, దానికి ముందు ఎదుటివాని పాండిత్యాన్ని, ఉద్దేశాన్ని, ఒక్కొక్కప్పుడు వంశాన్ని కూడా తూలనాడుతారు. ఈ రెండింటికీ దూరంగా ఒక మార్గం కలదు. దానిని నేర్చుకొనడానికి ఇందూరు వాసులు దూరం పోనక్కరలేదు. కామారెడ్డి మీదుగా దక్షిణానికి వెళితే మెదకు ప్రాంతంలో కొల్చారం వస్తుంది. కోలాచల మల్లినాథసూరి ఇంటిపేరులోని ఊరు అదేనని ప్రసిద్ధి. 14, 15 శతాబ్దాల నాటి ఈ తెలుగు వ్యాఖ్యాత మేఘసందేశానికి వ్రాసిన సంజీవనిలో, రెండవ శ్లోకం వద్దనే ఒక పాఠభేదచర్చ ఉంది.

యక్షుడు మేఘాన్ని చూచినది ఆషాఢమాసపు ఏ దినాన? “ప్రథమదివసే” అన్నది ఒక పాఠం. అంటే మాసారంభదినం. “ప్రశమదివసే” అన్నది మరొక పాఠం. అంటే మాసం ముగిసే దినం. తేడా ఒక్క అక్షరమే. రెండవ పాఠం అల్పులది కాదు. 10వ శతాబ్దపు కాశ్మీరవ్యాఖ్యాత వల్లభదేవుడు దానినే ఆదరించాడు. మల్లినాథుడు మాత్రం ఎవరి పేరూ ఎత్తక “కేచిత్”, అనగా “కొందరు”, అని మొదలుపెడతాడు.

గమనించవలసినది ఆ తరువాతి క్రమం. ఆయన ముందుగా ఆ కొందరి వాదానికి గల బలమైన కారణాన్ని తానే చెబుతాడు. కొద్ది శ్లోకాల తరువాత కవి శ్రావణమాసం దగ్గరపడిందని అంటాడు. ఆషాఢం తొలిదినాన శ్రావణం దగ్గరపడినట్లు ఎలా అవుతుంది, చివరిదినమైతేనే గదా పొసగేది, అని వారి యుక్తి. దీనిని వక్రీకరించకుండా ఉంచిన పిమ్మట ఒక్కమాటలో తీర్పు చెబుతాడు: అది అసంగతం. “కాబోలు”, “ఏమో” అన్న ఊగిసలాట ఆ మాటలో లేదు. అసంగతమన్నది పాఠమే గాని, పాఠం చెప్పినవాడు కాదు.

తరువాత కారణాలు. ఒక మాసం పక్కనే మరొక మాసం ఉండడమే సామీప్యానికి చాలు. మరునాడే శ్రావణం రావాలన్నంత దగ్గరితనం కవికి అవసరం లేదు. పైగా తొలిదినమనడంలో ఒక ప్రయోజనం కూడా ఉంది. వర్షాకాలపు విరహం ప్రియురాలి ప్రాణాలకు ముప్పు తెస్తుందని యక్షుని భయం. రాబోయే అనర్థానికి ప్రతీకారాన్ని ముందుగానే చేయాలి గాని, ముంచుకువచ్చిన తరువాత కాదు.

ఇక అసలైన కఠినప్రశ్న మిగిలింది. విష్ణువు శేషశయ్య నుండి లేచిననాడు శాపాంతమని, మిగిలిన నాలుగు నెలలు ఓర్చుకొమ్మని యక్షుడు సందేశంలో అంటాడు. పంచాంగం తెరిచి లెక్కించవచ్చు. మన అమాంతమానం ప్రకారం ఆషాఢ శుద్ధ పాడ్యమి నుండి కార్తిక శుద్ధ పాడ్యమికి నాలుగు నెలలు. ఉత్థానైకాదశికి మరో పది దినాలు. కాబట్టి తొలిదినపు పక్షంలో లెక్క పది దినాలు మిగులుతుంది. మల్లినాథుడు ఈ ఇబ్బందిని దాచలేదు. ఎదుటిపక్షం ఆక్షేపణగా తానే ఎత్తి, మీ పక్షం మాత్రం సరిపోయినదా అని అడుగుతాడు. ఆషాఢ అమావాస్య నుండి లెక్కిస్తే మూడు నెలల పది దినాలే అవుతాయి. అంటే ఇరువది దినాలు తక్కువ. కొద్ది హెచ్చుతగ్గులు కవి ఉద్దేశించినవి కావని, “ప్రథమ” అన్నదే చక్కని పాఠమని ముగిస్తాడు.

తన పక్షంలోని పది దినాల తేడాను ఒప్పుకొనడం వలన ఆయన వాదం బలహీనపడలేదు. ఆ తేడాను చదువరి తానుగా కనిపెట్టి ఉంటే గ్రంథం మీద నమ్మకం సడలేది. వ్యాఖ్యాతే చూపినందున, ఆ ఇరువది దినాల లెక్కను చదువరి అనుమానం లేకుండా స్వీకరిస్తాడు.

అయితే రఘువంశ సంజీవని ఉపోద్ఘాతంలో ఆయన స్వరం వేరు. అక్కడ కాళిదాసవాక్కు దుర్వ్యాఖ్యలనే విషంతో మూర్ఛిల్లినదని, తన టీక దానిని బ్రతికిస్తుందని అంటాడు. దానికి ముందే కాళిదాసుని సారం తనవంటివారికి తెలియదని, దక్షిణావర్తనాథాదులు నడిచిన దారి కనుకనే తనకూ చోటు దొరుకుతుందని కూడా అన్నాడు. ఋణాన్ని పేరుపెట్టి చెప్పి, దోషాన్ని పేరులేకుండా చెప్పడం ఇందులోని మర్యాద. అయినా విషమన్న పోలిక నేటి రచయితలకు అనుకరణీయం కాదు. మల్లినాథుడు ఆ మాటకు తగినంత పనిని తరువాతి ప్రతి శ్లోకంలోనూ చేసి చూపాడు. ఆ పని చేయకుండా ఆ మాట మాత్రం తీసుకొనేవారే ఎక్కువ.

ఇదే మర్యాద మల్లినాథుని మీద కూడా చెల్లింది. యక్షుడు నివసించిన రామగిరి చిత్రకూటమని ఆయన వ్రాశాడు. ఆధునికులలో వాసుదేవ విష్ణు మిరాశీ వంటి విద్వాంసులు దీనిని నిరాకరించి, నాగపురం సమీపంలోని రామటేక్ అని నిర్ణయించారు. వారి ముఖ్యప్రమాణం కావ్యంలోనే ఉంది. మేఘం రామగిరి నుండి ఉత్తరదిశగా బయలుదేరి, ఆమ్రకూటం దాటి, వింధ్యపాదాన ప్రవహించే రేవానదిని చూస్తుంది. రేవ అంటే నర్మద. చిత్రకూటం నర్మదకు ఉత్తరాన ఉంది. అక్కడినుండి ఉత్తరానికి పోయేవానికి నర్మద ఎదురుకాదు. దీనికి తోడు వాకాటక రాణి ప్రభావతీగుప్త ఋద్ధపుర తామ్రశాసనం రామగిరిస్వామి పాదమూలం నుండి వెలువడింది. ఈ విషయంలో మల్లినాథుని కాదన్నవారు కూడా నేటికీ మేఘసందేశాన్ని సంజీవనితోనే పాఠం చెబుతున్నారు.

ఈ క్రమాన్ని బోధన్ పట్టణానికి అన్వయించి చూడవలసిన అవసరం ఉంది. బోధనే భారతంలోని ఏకచక్రపురమని, భీమసేనుడు బకాసురుని వధించినది ఇక్కడేనని స్థలపురాణజ్ఞులైన పెద్దలు తరతరాలుగా చెబుతున్నారు. ఏకచక్రేశ్వరస్వామి ఆలయం ఆ ప్రతీతికి నిలయం. దీనితో విభేదించే యువపండితులు ఉన్నారు. వారిలో కొందరు పెద్దలు నొచ్చుకొంటారని వ్రాయరు. వ్రాసినవారు “అంతా కట్టుకథ” అని ఒక్కవేటుతో తేలుస్తారు. సక్రమంగా వ్రాయదలచినవాడు ముందు పూర్వపక్షాన్ని దాని పూర్తిబలంతో ఉంచాలి. ఆ బలం ఊరిపేరులో లేదు, ఆదిపర్వంలోనే ఉంది. పాండవులు ఏకచక్ర నుండి ద్రౌపదీస్వయంవరానికి పాంచాలదేశం వెళ్ళినప్పుడు ఉత్తరాభిముఖంగా నడిచారని వ్యాసుడు చెప్పాడు. అంటే ఏకచక్ర పాంచాలానికి దక్షిణాన ఉండాలి. బోధన్ దక్షిణాననే ఉంది. ఈ యుక్తిని స్థలపురాణపక్షం వారు చదివి “అవును, మా మాట ఇదే” అనగలగాలి. అలా అనలేకపోతే ఆ పూర్వపక్షం సరిగా వ్రాయబడలేదన్నమాట.

ఆ తరువాత సిద్ధాంతం సూటిగా రావాలి: ఆదిపర్వం ప్రకారం బోధన్ ఏకచక్ర కాజాలదు. దిక్కు కుదిరినా దూరం కుదరదు. లక్క ఇంటి నుండి బయటపడిన పాండవులు గంగను దాటి, మత్స్య, త్రిగర్త, పాంచాల, కీచక దేశాల మధ్యగా సంచరించి ఏకచక్ర చేరారు. అవన్నీ ఉత్తరాపథదేశాలు. తిరుగుప్రయాణంలో అహోరాత్రాలు నడిచి మళ్ళీ గంగాతీరానికే వచ్చారు. బోధన్ నుండి గంగకు నడిచేవారు గోదావరి, నర్మద, వింధ్యాటవి దాటక తప్పదు. ఆ ప్రయాణవర్ణనలో వీటిలో ఏ ఒక్కటీ లేదు.

దీనికన్న బలమైన ప్రమాణం మరొకటి ఉంది. గంగాతీరాన అంగారపర్ణుడనే గంధర్వుడు అర్జునునికి వసిష్ఠుని కథలు చెబుతాడు. కల్మాషపాదుని భార్యకు పుట్టిన అశ్మకుడనే రాజర్షి ఒక నగరాన్ని నిర్మించాడని అందులో వస్తుంది. ఆ నగరం పేరు పోతనమని, పోదనమని, పౌదన్యమని ప్రతులలో భేదాలున్నాయి. హేమచంద్ర రాయ్‌చౌధురి వంటి చరిత్రకారులు బోధన్‌తో గుర్తించినది ఈ నగరాన్నే. ఏకచక్రను విడిచి నేరుగా వస్తున్న అర్జునునికే గంధర్వుడు ఈ పేరు చెబుతున్నాడు. అది ఏకచక్రే అయితే, “నీవిప్పుడు విడిచివచ్చిన ఊరే” అన్న సూచన ఒక్కటైనా ఉండవలసినది. వ్యాసుని దృష్టిలో అవి రెండు వేరు ఊళ్ళు.

మల్లినాథుడు తన పది దినాలను చూపినట్లు, ఈ సిద్ధాంతంలోని లోటును కూడా చూపవలసి ఉంటుంది. ఏకచక్ర బోధన్ కాదని ఆదిపర్వం నుండి చెప్పవచ్చు గాని, అది ఎక్కడ ఉన్నదో అంత దృఢంగా చెప్పలేము. బీహారులో ఆరా వారు తమదంటారు. వంగదేశంలో నిత్యానందప్రభువు జన్మించిన ఏకచక్రగ్రామం వారు తమదంటారు. అలాగే పోతనం బోధనేనన్నది ముఖ్యంగా నామసామ్యం, అశ్మకదేశం గోదావరితీరాన ఉండడం అనే రెండు ఆధారాల మీద నిలిచిన నిర్ణయం. చరిత్రకారులలో అధికులు అంగీకరించినదే గాని, గంగాప్రయాణపు సాక్ష్యమంత ప్రత్యక్షం కాదు.

కల్పభేదమనే సమాధానం ఎదుటినుండి తప్పక వస్తుంది. దానికి కోపం అనవసరం. పురాణాలలో ఒకే వృత్తాంతం రెండు విధాలుగా చెప్పబడినప్పుడు వాటిని సమన్వయించడానికి పెద్దలు కల్పభేదాన్ని వాడారు. ఇక్కడ విరోధం రెండు పురాణాల మధ్య లేదు. ఒకే పర్వంలోని ఒకే ప్రయాణానికి, ఒక ఊరి ప్రతీతికి మధ్య ఉంది. ఆలయమహిమ సంగతి ఈ చర్చలోకి రానే రాదు. స్వామి నిత్యార్చనకు, అభిషేకానికి ఏకచక్ర ఎక్కడ ఉన్నదన్న నిర్ణయంతో పని లేదు. ఈ మాటను వ్యాసంలో మొదటనే వ్రాయాలి. చివర వ్రాస్తే బుజ్జగింపులా ఉంటుంది.

ఇక స్థలపురాణజ్ఞులు బదులు చెప్పదలిస్తే మార్గం తెరచియే ఉంది. పాండవుల ప్రయాణంలో గోదావరినో నర్మదనో పేర్కొనే ఆదిపర్వపాఠం ఏ తాళపత్రప్రతిలోనైనా ఉన్నట్లు చూపితే, పైన చెప్పిన దూరపు వాదం అక్కడితో పడిపోతుంది. గంధర్వుని మాట మాత్రం మిగులుతుంది. దానికి వేరుగా సమాధానం చెప్పవలసి ఉంటుంది.