మిరియాల రేటు పడితే సిటీ ఇంటికి మిగిలేదెంత? అరకు రైతుకు పోయేదెంత?

అరకు, పాడేరు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల పాదులు అల్లుకుని కనిపిస్తాయి. వీటికి విడిగా భూమి అక్కర్లేదు. కాఫీ కోతలు అయ్యాక చేతికొచ్చే మిరియాలను గిరిజన రైతులు ఎండబెట్టి జీసీసీకో, వారపు సంతలో వ్యాపారికో అమ్ముకుంటారు. కాఫీ తర్వాత వాళ్లకు చేతిలో డబ్బు కనిపించేది వీటితోనే.

2016లో కొచ్చి మార్కెట్‌లో కిలో మిరియాలు 700 రూపాయల దాకా పలికాయి. 2018కి 400 కిందికి పడిపోయాయి. వియత్నాంలో పంట విపరీతంగా పెరగడం అసలు కారణం. అయితే ఆ సరుకు మన దేశంలోకి చవగ్గా రావడానికి దారి చూపింది మాత్రం వాణిజ్య ఒప్పందాలే.

ఆసియాన్ ఒప్పందం ప్రకారం వియత్నాం మిరియాలపై సుంకం 2019 నాటికి 50 శాతానికి తగ్గాలి. తగ్గాక కూడా అది పెద్ద మొత్తమే. అదే శ్రీలంక నుంచి వస్తే ఏడాదికి 2,500 టన్నుల వరకు సుంకమే లేదు. ఆపైన సాఫ్టా కింద 8 శాతం కడితే చాలు. ఇంత తేడా ఉంటే ఏం జరుగుతుంది? వియత్నాం సరుకునే శ్రీలంక పంటగా చూపించి తెస్తున్నారని రైతు సంఘాలు ఆరోపించాయి.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. రేటు కిలోకు 200 తగ్గిందనుకోండి. నెలకు 100 గ్రాములు వాడే విశాఖ కుటుంబానికి మిగిలేది 20 రూపాయలు. అదీ ప్యాకెట్ కంపెనీ తగ్గింపు మొత్తాన్ని మనదాకా రానిస్తేనే! 50 కిలోలు పండించే రైతుకు మాత్రం ఆ సీజన్‌లో 10,000 పోయినట్టే. పోనీ పంట మారుద్దామంటే, కాపుకు రావడానికే మూడు, నాలుగేళ్లు పట్టిన పాదును పీకేయడం అంత తేలిక కాదు.

2017 డిసెంబర్‌లో కేంద్రం కిలోకు 500 రూపాయల కనీస దిగుమతి ధర పెట్టింది. అంతకన్నా తక్కువ ధర చూపించి సరుకు తేకూడదన్నమాట. అయినా లోకల్ రేటు 500కి ఎక్కలేదు.

ఎందుకంటే, 300కి కొన్న సరుకును కాగితం మీద 500 అని చూపిస్తే అయిపోతుంది. 8 శాతం లెక్కన సుంకం 40 రూపాయలు. ఖర్చు మొత్తం 340. అంటే 500 కాగితం మీదే ఉంటుంది, మార్కెట్‌లో సరుకు అంతకన్నా చాలా తక్కువకే దొరుకుతుంది. అందుకే ఇన్వాయిస్‌లో రాసిన ధర కాదు, సరుకు నిజంగా ఏ దేశంలో పండిందో పోర్టులో తేల్చాలి. గింజను చూసి అది చెప్పడం కష్టం.

2024లో రేటు మళ్లీ 600 దాటింది. అదీ వియత్నాంలో దిగుబడి తగ్గాకే.